నిఫ్టీ పెరిగినా కాల్ ప్రీమియం ఎందుకు పడింది: కాలం, వొలటాలిటీ, గ్రీక్స్

ప్రశ్న: బడ్జెట్ ముందు రోజు నిఫ్టీ 24,000 దగ్గర ఉండగా 24,200 కాల్ 139కి కొన్నాను. ఎక్స్‌పైరీకి ఐదు రోజులుంది. మర్నాడు నిఫ్టీ 130 పాయింట్లు పెరిగింది, నా కాల్ మాత్రం 99కి పడింది. ఆప్షన్ చైన్‌లో ఐవీ 20 నుంచి 13కి వచ్చినట్టు చూపిస్తోంది. థీటా, వేగా అని అందరూ ఏదో చెబుతున్నారు. డైరెక్షన్ కరెక్ట్‌గా పట్టినా డబ్బు ఎందుకు పోయింది సార్?

సమాధానం:

ముందు ఆ 139 దేనికి కట్టారో చూద్దాం. 24,000 దగ్గర ఉన్న నిఫ్టీని 24,200కి కొనే హక్కుకు ఆ క్షణంలో విలువ సున్నా. అంటే మీరు కట్టిన ప్రతి రూపాయీ ఇంకా జరగని దాని కోసమే. ఐదు రోజుల్లో నిఫ్టీ ఎంత దూరం కదలగలదు అన్న అంచనాకు ఆ రోజు మార్కెట్ పెట్టిన రేటు అది.

దీన్ని స్థలాల బేరంతో పోల్చి చూడండి. ఒక ప్లాటుకు ఇంత ధర అని రాసుకుని, మూడు నెలల గడువు పెట్టి బయానా ఇస్తారు. అదే ధరకు ఆరు నెలల గడువు కావాలంటే యజమాని ఎక్కువ బయానా అడుగుతాడు, ఎందుకంటే ఆరు నెలల్లో రేటు ఎక్కడికైనా పోవచ్చు. ఆ పక్కనే రోడ్డు పడుతుందో లేదో వచ్చే వారం తేలుతుందని ఊళ్లో మాట ఉంటే, మూడు నెలలకే ఇంకా ఎక్కువ అడుగుతాడు. రోడ్డు సంగతి తేలిపోయాక, అటో ఇటో, ఆ అదనపు బయానా అడిగే కారణం ఉండదు. ఆప్షన్లో తేడా ఒక్కటే: బయానా తర్వాత ధరలో కలుస్తుంది, ప్రీమియం కలవదు.

గడువు, అనిశ్చితి అనే ఈ రెండింటినీ చాలామంది వేర్వేరు శత్రువుల్లా చూస్తారు. "థీటా తినేసింది, పైగా ఐవీ కూడా పడింది" అంటారు. నా అనుభవంలో ఈ విషయం నిజంగా అర్థమయ్యేది ఆ రెండూ ఒకే వస్తువులో భాగాలని తెలిసినప్పుడే. ప్రీమియం ఆధారపడేది మిగిలిన కదలిక మీద. రోజుకు ఎంత కదులుతుంది, ఎన్ని రోజులు మిగిలాయి, ఈ రెండూ కలిస్తేనే మిగిలిన కదలిక.

ఇక్కడ ఒక మెలిక ఉంది. రోజులు నాలుగు రెట్లయితే కదలిక నాలుగు రెట్లు కాదు, రెండు రెట్లే అవుతుంది. ఒక రోజు పైకి, ఒక రోజు కిందికి పోతూ కదలికలు కొంతవరకు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. అందుకే లెక్కలో రోజుల సంఖ్య కాకుండా దాని వర్గమూలం వస్తుంది. నిఫ్టీ ఉన్న చోటే ఉన్న స్ట్రైక్, అంటే ఏటీఎం ఆప్షన్ అయితే, వడ్డీని పక్కన పెట్టి చూస్తే ధర దాదాపు ఇంత. ఇందులో S అంటే నిఫ్టీ స్థాయి, IV అంటే ఆప్షన్ ధరలో ఇమిడి ఉన్న ఏడాది కదలిక అంచనా, అదే ఐవీ:

```
premium ≈ 0.4 × S × IV × √(days / 365)
```

ఐవీ 13 శాతం ఉందనుకుని, నిఫ్టీ 24,000లోనే కదలకుండా కూర్చుందనుకుందాం. 24,000 కాల్‌కు 16 రోజులు మిగిలుంటే ధర సుమారు 260. తొమ్మిది రోజులుంటే 195. నాలుగు రోజులుంటే 130. ఒక్క రోజుంటే 65. ప్రతి మెట్టులోనూ పోయింది 65 పాయింట్లే. కానీ మొదటి 65 పోవడానికి ఏడు రోజులు పట్టింది, తర్వాతిదానికి ఐదు, ఆ తర్వాత మూడు, ఆఖరి 65కి ఒకే ఒక్క రోజు. "ఎక్స్‌పైరీ దగ్గర పడేకొద్దీ ప్రీమియం మంచులా కరుగుతుంది" అనే మాట వెనకున్నది ఈ వర్గమూలమే. ఇది ఏటీఎం దగ్గర మాత్రమే ఇలా ఉంటుందని గుర్తుంచుకోండి. చాలా దూరపు స్ట్రైక్ అయితే ముందే చాలావరకు కరిగిపోతుంది, ఆఖరి రోజుకు పోవడానికి ఏమీ మిగలదు.

ఇప్పుడు మీ బడ్జెట్ రోజుకు వద్దాం. ఐవీ 20 శాతం అనేది ఏడాది లెక్క. రోజు లెక్కకు తేవాలంటే 365 వర్గమూలంతో, అంటే 19తో భాగించాలి. (ట్రేడింగ్ రోజులే లెక్కపెట్టేవాళ్లు 16తో భాగిస్తారు. నేను ఇక్కడంతా క్యాలెండర్ రోజులే వాడుతున్నాను.) అలా చేస్తే రోజుకు 1.05 శాతం, 24,000 మీద సుమారు 250 పాయింట్లు. కానీ ఇది ఐదు రోజుల సగటు. ఆ ఐదూ ఒకేలాంటి రోజులు కావు. ఒకటి బడ్జెట్ రోజు, మిగతా నాలుగు మామూలు రోజులు.

బడ్జెట్ అయిపోయాక ఐవీ 13కి వచ్చింది కాబట్టి, మామూలు రోజుకు మార్కెట్ వేసుకున్న రేటు 13 అనుకోవచ్చు. రోజుల కదలికలను కలపాలంటే వాటి వర్గాలను కలపాలి. మొత్తం 5 × 400, అంటే 2000. అందులో నాలుగు మామూలు రోజుల వాటా 4 × 169, అంటే 676. మిగిలిన 1324 అంతా ఆ ఒక్క రోజుదే. దాని వర్గమూలం సుమారు 36. 19తో భాగిస్తే 1.9 శాతం. పాయింట్లలో దాదాపు 450.

మీరు 139 కట్టినప్పుడు అందులో ఇమిడి ఉన్న లెక్క ఇదే. బడ్జెట్ రోజున నిఫ్టీ అటో ఇటో 450 స్థాయిలో కదిలే అవకాశం ఉందన్న రేటుకు మీరు కొన్నారు. కదిలింది 130. డైరెక్షన్ మీకు దొరికింది, దూరం దొరకలేదు. ఐవీ పడడం ఎవరో చేసిన మోసం కాదు. బడ్జెట్ రోజు అనే పెద్ద ముక్క అయిపోయింది, చేతిలో నాలుగు మామూలు రోజులే మిగిలాయి, వాటి ధర మాత్రమే స్క్రీన్ మీద కనిపిస్తోంది. దీన్నే ట్రేడర్లు ఐవీ క్రష్ అంటారు.

గ్రీక్స్ పని ఇక్కడే మొదలవుతుంది. ప్రీమియంను మార్చే కారణాలు చాలా ఉన్నాయి కదా, ఒక్కోటి విడిగా కొంచెం కదిలితే ప్రీమియం ఎంత కదులుతుందో చెప్పే అంకెలు అవి. మీ కాల్ కొన్నప్పుడు ఆ అంకెలు ఇలా ఉన్నాయి.

డెల్టా 0.37. నిఫ్టీ ఒక పాయింటు పెరిగితే కాల్ 37 పైసలు పెరుగుతుంది. 130 పాయింట్లకు 48 లాభం రావాలి.

గామా 0.00067. నిఫ్టీ ఒక పాయింటు కదిలితే డెల్టా ఎంత మారుతుందో ఇది చెబుతుంది. నిఫ్టీ పెరిగేకొద్దీ మీ డెల్టా 0.37 దగ్గరే ఆగదు, 0.45 దాకా పోతుంది. కాబట్టి డెల్టా చెప్పినదానికంటే కొంచెం ఎక్కువ వస్తుంది. గామాలో సగాన్ని 130 వర్గంతో గుణిస్తే సుమారు 6.

థీటా రోజుకు మైనస్ 21. ఏమీ కదలకుండా ఒక రోజు గడిస్తే పోయేది అంత.

వేగా 10.6. ఐవీ ఒక శాతం మారితే ప్రీమియం అంత మారుతుంది. (పేరుకు గ్రీక్స్‌లో చేరింది గానీ వేగా అనే గ్రీకు అక్షరమే లేదు.) 20 నుంచి 13కి, అంటే ఏడు శాతం పడింది కాబట్టి పోయింది 74.

కలపండి: 48 ప్లస్ 6, మైనస్ 21, మైనస్ 74. మొత్తం మైనస్ 41. 139 లోంచి తీస్తే 98. మీకు స్క్రీన్ మీద కనిపించింది 99. ఆ ఒక్క పాయింటు తేడా ఎందుకంటే, నిఫ్టీ, ఐవీ, రోజులు మారేకొద్దీ గ్రీక్స్ కూడా మారుతుంటాయి. మనం మాత్రం కొన్నప్పుడు ఉన్న అంకెలతోనే లెక్క వేశాం. వడ్డీకి సంబంధించిన రో అని ఇంకొకటి ఉంది. ఐదు రోజుల ఆప్షన్‌కు దాన్ని పట్టించుకోనక్కర్లేదు.

నా మాట మీద నమ్మొద్దు, మీరే వేసి చూడండి. వడ్డీ సున్నా అనుకుని బ్లాక్-షోల్స్ సూత్రం ఇంతే:

```python
from math import log, sqrt
from statistics import NormalDist
N = NormalDist().cdf

def call(S, K, days, iv):
    s = iv * sqrt(days / 365)
    d1 = log(S / K) / s + s / 2
    return S * N(d1) - K * N(d1 - s)

print(call(24000, 24200, 5, 0.20))
print(call(24130, 24200, 5, 0.20))
print(call(24130, 24200, 4, 0.13))
```

మొదటి వరుస మీరు కొన్న ధర, సుమారు 139. రెండోది, ఐవీ గానీ రోజు గానీ మారకుండా నిఫ్టీ ఒక్కటే పెరిగి ఉంటే వచ్చే ధర, 192. మీ మనసులో ఉన్న లెక్క ఇదే అయ్యుంటుంది. మూడోది 99. అంకెలు మార్చి ఆడుకుంటూ ఉంటే ఇంకో సంగతి బయటపడుతుంది. ఆ మర్నాడు మీ 139 మీకు వెనక్కి రావాలంటే నిఫ్టీ 24,215 దగ్గరకు చేరాలి. 130 కాదు, 215 పాయింట్లు పెరిగితే గానీ మీరు అసలు దగ్గర నిలబడరు.

గామా, థీటాల మధ్య ఉన్న బంధం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే కొనేవాళ్లకూ అమ్మేవాళ్లకూ అసలు బేరం అక్కడే జరుగుతుంది. గామా ఉన్నవాడికి కదలిక వల్ల లాభం. పైకి పోతే డెల్టా పెరిగి ఎక్కువ సంపాదిస్తాడు, కిందికి పోతే డెల్టా తగ్గి తక్కువ పోగొట్టుకుంటాడు. ఇంత మంచి సౌకర్యం ఉచితంగా రాదు కదా. దానికి రోజూ కట్టే అద్దె పేరు థీటా. ఐవీ 20 అంటే రోజుకు 250 పాయింట్ల కదలిక అన్నాం. గామాలో సగాన్ని, 0.000335ని, 250 వర్గంతో, అంటే 62,500తో గుణించండి. 21 వస్తుంది. సరిగ్గా మీ థీటా. అంటే నిఫ్టీ రోజుకు 250 కదిలితే అద్దె, ఆదాయం సమానం. అంతకంటే ఎక్కువ కదిలితే కొన్నవాడిది పైచేయి, తక్కువ కదిలితే అమ్మినవాడిది.

అందుకే "థీటా ఎప్పుడూ అమ్మేవాడి పక్షం, కాబట్టి అమ్ముకుంటూ కూర్చుంటే చాలు" అనేవాళ్లను చూస్తే నాకు భయమేస్తుంది. వాళ్లు అద్దె వసూలు చేస్తున్నారు, ఇల్లు కాలిపోయే ప్రమాదాన్ని కూడా నెత్తిన పెట్టుకున్నారు. 2024 జూన్ 3న ఎగ్జిట్ పోల్స్ చూసి నిఫ్టీ 23,263 దగ్గర ముగిసింది. మర్నాడు, ఓట్ల లెక్కింపు రోజున, 21,884 దగ్గర ముగిసింది. ఒక్క రోజులో 1,379 పాయింట్లు. ముందు రోజు పుట్ అమ్మి రెండు రోజుల థీటా లెక్కపెట్టుకున్నవాళ్లకు ఆ అంకె దేనికీ పనికిరాలేదు. గ్రీక్స్ చిన్న కదలికలకే సరిగ్గా పనిచేస్తాయి. అంత పెద్ద దూకుడు వచ్చినప్పుడు గ్రీక్స్‌ను గుణించి లాభనష్టాలు ఊహించకూడదు, పైన ఇచ్చిన సూత్రంలో కొత్త ధర, కొత్త ఐవీ పెట్టి మొత్తం మళ్లీ లెక్క వేయాలి.

ఎక్స్‌పైరీ రోజు మధ్యాహ్నం ఇదే సంగతి చిన్న స్థాయిలో ప్రతి వారం కనిపిస్తుంది. రెండున్నర గంటల లెక్కన కాలం మిగిలి, ఐవీ 13 ఉంటే, మిగిలిన కదలిక 50 పాయింట్ల చుట్టూ ఉంటుంది. అప్పుడు 24,200 కాల్ డెల్టా నిఫ్టీ 24,150 దగ్గర 0.17, 24,250 దగ్గర 0.83. వంద పాయింట్లలో దాదాపు ఏమీ లేని ఆప్షన్ దాదాపు ఫ్యూచర్ అయిపోతుంది. గామా అంటే ఏమిటో పుస్తకంలో ఎన్నిసార్లు చదివినా రానిది, ఆ సమయంలో ఆప్షన్ చైన్ ముందు కూర్చుంటే తెలిసిపోతుంది. వేగా మాత్రం అప్పటికి దాదాపు చచ్చిపోయి ఉంటుంది. రోజులు తక్కువైతే గామా పెద్దది, వేగా చిన్నది. నెలల గడువుంటే తిరగబడుతుంది.

ఇంకో విషయం, కాల్స్ కొనేవాళ్లు తప్పక తెలుసుకోవాల్సింది. ఏ బడ్జెట్టూ లేని రోజుల్లో కూడా నిఫ్టీ పెరిగినప్పుడు ఐవీ సాధారణంగా తగ్గుతుంది, పడినప్పుడు పెరుగుతుంది. జూన్ 4న పడినప్పుడు ఇండియా విక్స్ ఎగసింది, మర్నాడు నిఫ్టీ 736 పాయింట్లు కోలుకోగానే విక్స్ గట్టిగా పడిపోయింది. ఇండియా విక్స్ అంటే నిఫ్టీ ఆప్షన్ల ధరల నుంచే రాబోయే 30 రోజులకు ఎన్‌ఎస్‌ఈ లెక్కగట్టే వొలటాలిటీ. దీనివల్ల కాల్ కొన్నవాడికి డెల్టా ఒక చేత్తో ఇచ్చింది వేగా ఇంకో చేత్తో కొంత లాక్కుంటుంది. పుట్ కొన్నవాడికి పడే మార్కెట్లో రెండూ కలిసొస్తాయి. మార్కెట్‌కూ ఈ సంగతి తెలుసు కాబట్టే నిఫ్టీలో కింది స్ట్రైక్‌ల ఐవీ పై స్ట్రైక్‌ల కంటే మామూలుగా ఎక్కువగా ఉంటుంది. సూత్రంలో అన్ని స్ట్రైక్‌లకూ ఒకే ఐవీ పెడితే నిజమైన ధర రాదు, మీ స్ట్రైక్ పక్కన చూపించే ఐవీ పెట్టాలి.

కొనే ముందే ఇదంతా తెలుసుకునే దారి ఉందా అంటే, ఉంది. ముందు రోజు సాయంత్రం ఏటీఎం కాల్, పుట్ ధరలు రెండూ కలపండి. మీ ఉదాహరణలో 24,000 కాల్ 224, పుట్ 224, మొత్తం 448. ఎక్స్‌పైరీ లోపల నిఫ్టీ సగటున ఎంత దూరం పోతుందని మార్కెట్ అనుకుంటోందో ఆ మొత్తం దాదాపుగా చెబుతుంది. మీ అంచనా "పెరుగుతుంది" అని మాత్రమే అయితే అది చాలదు. "ఎంత?" అని అడిగి, ఆ 448తో పోల్చి చూడండి. తర్వాత, వచ్చే నెల ఎక్స్‌పైరీ ఐవీ కూడా చూడండి. ఈ వారం ఐవీ 20 ఉండి, వచ్చే నెలది 14 ఉంటే, ఆ తేడా అంతా బడ్జెట్ రోజుకు కట్టే అదనపు బయానా. బడ్జెట్ అయిపోగానే అది పోతుంది.

నేను కూడా మొదట్లో ఇలాగే ఒక కంపెనీ ఫలితాల ముందు కాల్ కొన్నాను. మర్నాడు 9.15కి షేరు రెండు శాతం పైన తెరుచుకుంది, కాల్ సగం ధరకు తెరుచుకుంది. యాప్ పాడైందేమో అనుకుని రెండు మూడు సార్లు రిఫ్రెష్ కొట్టాను. ఆ తర్వాతే ఐవీ కాలమ్ చూడడం నేర్చుకున్నాను.

కొద్దిగా పెరుగుతుందన్న అంచనాతోనే ఇలాంటి రోజుల్లో వెళ్లాలనుకుంటే, 24,200 కాల్ కొని, దానితో పాటు 24,500 కాల్ అమ్మే పద్ధతి ఒకటుంది, బుల్ కాల్ స్ప్రెడ్ అంటారు. అదే ఐవీ 20 దగ్గర 24,500 కాల్ ధర సుమారు 59. అంటే మీ చేతినుంచి పోయేది 80. మర్నాడు 24,130 దగ్గర, ఐవీ 13తో, మీరు కొన్నది 99, అమ్మింది 22. స్ప్రెడ్ విలువ 77. ఒంటి కాల్‌లో 40 పాయింట్లు పోయిన చోట ఇక్కడ పోయింది మూడే, ఎందుకంటే అమ్మిన కాల్‌లో కూడా థీటా, వేగా ఉన్నాయి, అవి మీకు అనుకూలంగా పనిచేశాయి. దానికి మీరు వదులుకునేది, 24,500 దాటాక వచ్చే లాభమంతా. ఎక్స్‌పైరీకి నిఫ్టీ ఎంత పైన ఉన్నా స్ప్రెడ్ నుంచి వచ్చేది 300 మాత్రమే, మీ 80 పోగా 220. బడ్జెట్ రోజున 700 పాయింట్లు పెరుగుతుందని మీకు గట్టి నమ్మకం ఉంటే ఒంటి కాలే సరైనది, అప్పుడు ఆ 139 కూడా చవకే.